పెళ్ళిచూపులకీ తాంబూలాలకీ మధ్య: చెరువు అప్పు, పసుపు కుంకుమ పొలం, ఇద్దరి జీతాలు

పెళ్ళిచూపుల రోజు కాఫీలయ్యాక ఎవరో ఒకరు "పిల్లలిద్దర్నీ కాసేపు మాట్లాడుకోనివ్వండి" అంటారు. అబ్బాయినీ అమ్మాయినీ డాబా మీదకో, పెరట్లో కొబ్బరిచెట్ల కిందకో పంపిస్తారు. ఆ పది నిమిషాల్లో ఏం చదివారు, ఆఫీసు ఎక్కడ, ఖాళీ దొరికితే ఏం చేస్తారు అన్నంత వరకే నడుస్తుంది. తలుపు సందులోంచి చూసే చిన్నపిల్లలు ఉండనే ఉంటారు. అక్కడ అంతకన్నా లోతుకు వెళ్ళాలని ప్రయత్నించకండి. అసలు మాటలకి సమయం "అమ్మాయి మాకు నచ్చిందండి" అని కబురు వచ్చాక మొదలై, తాంబూలాలు పుచ్చుకోవడంతో అయిపోతుంది. ఈ మార్గదర్శి ఆ కొద్ది రోజుల గురించే.

గోదావరి డెల్టాలో ఈ మాటలకి ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. అమలాపురం, రాజోలు నుంచి నరసాపురం, భీమవరం దాకా ఎన్నో కుటుంబాల రాబడి వరి మీద, కొబ్బరి మీద, రొయ్యల చెరువుల మీద ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జీతానికి ఉంటారు. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద కొంత పొలం ఇవ్వడం పాత అలవాటు. అంటే ఒక పెళ్ళిలో చెరువు మీద అప్పు, ఆడపిల్ల పొలం, ఇద్దరి జీతాలు ఒకచోట కలుస్తాయి. రుచులు, అలవాట్లు తర్వాతైనా సర్దుకుంటాయి. ఈ మూడింటి లెక్క మాత్రం తాంబూలాల ముందే తేలాలి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం.

ముందు గడువు అడగండి

కబురు రాగానే మీ అమ్మానాన్నలతో ఒక మాట చెప్పించాలి. సంబంధం తెచ్చిన పెద్దమనిషికి నాన్నగారు ఇలా చెబితే చాలు: "మాకూ ఇష్టమేనండి. పిల్లలిద్దరూ రెండు వారాలు ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ తర్వాతే పెద్దవాళ్ళం కూర్చుందాం." ఇందులో రెండో వాక్యం కన్నా మూడోదే ముఖ్యం. పెట్టుపోతల మాట ఒకసారి పెద్దల మధ్య మొదలైతే ఊళ్ళో సంబంధం ఖాయమైపోయినట్టే చెప్పుకుంటారు. తర్వాత వద్దనడం పరువు సమస్య అవుతుంది, అప్పుడు పిల్లలు నోరు విప్పలేరు. "ఆషాఢం వచ్చేస్తోంది", "మూఢం ముందు ఇదొక్కటే ముహూర్తం" అని తొందరపెడితే, రెండు వారాలు కుదరకపోయినా పది రోజులైనా తీసుకోండి. పది రోజులు కూడా ఆగలేమంటే, ఎందుకు ఆగలేరో కనుక్కోవాలి. ఆ తొందర వెనక ముహూర్తం కాక అప్పు గడువు ఉండే అవకాశం కూడా ఉంది.

కాగితం మీద రాసుకోవడం

మొదటి ఫోన్‌కి ముందు ఒక్కరే కూర్చుని రెండు జాబితాలు రాయండి. ఒకటి, ససేమిరా అనేవి. రెండోది, సర్దుకోగలిగేవి. ససేమిరా జాబితా మూడు నాలుగు దాటకూడదు. ఒక విషయం అందులోకి వస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇలా ఆలోచించండి: మిగతా అన్నీ బాగుండి, శుభలేఖలు అచ్చయ్యాక ఇదొక్కటి తేడా అని తెలిస్తే పెళ్ళి ఆపమని నాన్నతో చెప్పగలరా? చెప్పగలిగితేనే అది ససేమిరా. లేకపోతే రెండో జాబితాలోకి దింపండి.

రాసేటప్పుడు ప్రతిదానికీ హద్దు పెట్టాలి. "ఉద్యోగం మానను" అని రాస్తే అవతలివాళ్ళు "సరేనండి" అంటారు, కానీ ఇద్దరికీ అర్థమైంది ఒకటి కాకపోవచ్చు. "ఊరు మారితే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలు ఆగగలను, అంతకు మించి ఇంట్లో ఉండను" అని రాస్తే ఒప్పుకునేవాళ్ళు ఏం ఒప్పుకుంటున్నారో తెలుస్తుంది. "అమ్మానాన్నల్ని చూసుకోవాలి" అనేదీ అంతే. ఎవరు, ఏ ఊళ్ళో, ఎప్పటి నుంచి, నెలకి ఎంత అని రాసుకోండి.

మొదటి ఫోన్: ఇష్టం ఎవరిది?

రాత్రి భోజనాలయ్యాక ముప్పావుగంట పెట్టుకోండి. మొదట అడగాల్సింది "పక్కన ఎవరైనా ఉన్నారాండీ?" అని. ఉంటే ఆ రోజు కబుర్లతో సరిపెట్టి, ఇంకో రోజు పెట్టుకోండి. స్పీకర్‌లో అమ్మో వదినో వింటుండగా ఎవరూ నిజం చెప్పరు.

ఈ ఫోన్‌లో తేలాల్సింది ఒక్కటే, అవతలివాళ్ళు సొంత ఇష్టంతో వచ్చారా అన్నది. "మీకు ఇష్టమేనా?" అని అడిగితే "ఆయ్, ఇష్టమేనండి" అన్న జవాబే వస్తుంది. దాని బదులు "ఇప్పుడే పెళ్ళి చేసుకోవాలని మీకనిపించిందా, ఇంట్లో అన్నారా?" అని అడగండి. "ఇంట్లో అన్నారండి, నేనూ సరే అనుకున్నాను" అంటే ఫర్వాలేదు. చాలామంది సంగతి అదే. "ఇంట్లో వాళ్ళ ఇష్టమే నా ఇష్టమండి" అని రెండోసారి కూడా అంటే అక్కడ ఆగి, ఇంకా నెమ్మదిగా ఇలా చెప్పండి: "మీకు వద్దనిపిస్తే నాతో చెప్పండి. వద్దన్నది నేనేనని మా ఇంట్లో చెప్తాను, మీ మీదకి రాదు." ఈ మాట అవతలివాళ్ళకి నిజం చెప్పే దారి ఇస్తుంది. చెప్పాక తప్పకుండా నిలబెట్టుకోవాలి. ఇద్దరిలో ఎవరికి ఇంట్లో ఎక్కువ స్వేచ్ఛ ఉందో వాళ్ళే కాదన్న మాట నెత్తిన వేసుకోవడం న్యాయం.

రెండో ఫోన్: డబ్బు

దీనికి గంటన్నర పడుతుంది. ముందు మీ లెక్క చెప్పి, తర్వాత వాళ్ళది అడగండి. "నా చేతికి 45 వేలు వస్తుందండి, అందులో 10 వేలు ఇంటికి పంపుతాను" అని మీరు మొదలుపెడితే అది విచారణలా ఉండదు.

"మీకు అప్పులేమైనా ఉన్నాయా?" అన్న ప్రశ్న పనికిరాదు. "అందరికీ ఉండేవేనండి" అంటారు, అది అబద్ధం కూడా కాదు. పని ఎలా నడుస్తుందో అడుగుతూ పోతే అప్పు దానంతటదే బయటికి వస్తుంది. ఒక కేసు కల్పించి చూద్దాం. అబ్బాయిది అమలాపురం వైపు, హైదరాబాద్‌లో ఉద్యోగం, తండ్రి రొయ్యల చెరువులు చేస్తారు. అమ్మాయిది పాలకొల్లు వైపు, ఆమె ఉద్యోగమూ హైదరాబాద్‌లోనే, చెల్లెలు చదువుకుంటోంది.

"నాన్నగారి చెరువులు సొంతమా అండీ, కౌలా?"
"రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలండి."
"పోయిన పంట ఎలా వచ్చిందండీ?"
"తెల్లమచ్చ తగిలిందండి. నలభై రోజులకే పట్టేయాల్సొచ్చింది."
"అయ్యో. మరి మేత డబ్బులు?"
"డీలర్ దగ్గర బాకీ ఉందండి. బయట కూడా కొంత తెచ్చారు. రెండూ కలిపి 7 లక్షలు, నూటికి రెండు రూపాయలు."

వెనామీ రొయ్య అమ్మకానికి తయారవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మేత చాలావరకు అరువు మీదే వస్తుంది, పట్టుబడి అయ్యాక తీరుస్తారు. తెల్లమచ్చ వైరస్ పడితే నలభై రోజుల రొయ్యకి ధర ఉండదు, పంట పోయి బాకీ మిగులుతుంది. ఇందులో ఆ తండ్రి తప్పేమీ లేదు. ఆ అప్పు ఎలా తీరుతుందన్నదే ఇద్దరూ చూడాల్సింది.

నూటికి రెండు రూపాయలంటే నెలకి. 7 లక్షల మీద నెల వడ్డీ 14 వేలు. అబ్బాయి ఇంటికి నెలకి 20 వేలు పంపుతున్నానని చెప్పాడు. అది అమ్మానాన్నల ఖర్చుకని అమ్మాయి అనుకుంది. నిజానికి అందులో 14 వేలు వడ్డీకే పోతోంది. ఆ 20 వేలూ మొత్తం బాకీకే కట్టినా, అసలుతో సహా తీరడానికి 5 ఏళ్ళు దాటుతుంది. నెలకి 30 వేలు కడితే సుమారు 2 ఏళ్ళ 8 నెలల్లో తీరుతుంది. ఈ రెండు అంకెలూ ఇద్దరి ముందూ ఉంటేనే మాట ముందుకి సాగుతుంది.

తర్వాత తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "మీ సంతకం ఎక్కడైనా ఉందాండీ?" ఇది అన్నిటికన్నా పదునైనది. తండ్రి చేసిన అప్పుకి కొడుకు కాబట్టి కట్టాలనే పాత ధర్మశాస్త్ర బాధ్యతని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. వారసత్వంగా వచ్చే ఆస్తి మీద అప్పు భారం ఉంటుంది కానీ, కొడుకు జీతం మీద ఉండదు. హామీ సంతకం పెడితే మాత్రం కథ మారుతుంది. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్ళ బాధ్యతతో సమానం, బ్యాంకు నేరుగా అతన్నే అడగొచ్చు. మన కేసులో వరి పొలం మీద బ్యాంకులో ఇంకో 11 లక్షలు ఉంది, దానికి అబ్బాయి హామీ ఉన్నాడు. ఆ వరి పొలం కౌలుకిస్తే వచ్చే డబ్బుతో తండ్రి దాన్ని కడుతున్నారు. ఒక ఏడాది ఆయన కట్టలేకపోతే అది కొత్త కాపురం మీదకి వస్తుంది. ఈ సంగతి మామూలుగా దాచాలని దాచరు, ఎప్పుడో పెట్టిన సంతకం గుర్తుండదంతే.

గుర్తు లేనివి బయటపడటానికి ఇద్దరూ తమ తమ క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోవచ్చు. ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒకసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. హామీ ఉన్న రుణాలు కూడా అందులో కనిపిస్తాయి. పొలం మీద రిజిస్టరైన తాకట్టు ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఈసీలో తెలుస్తుంది. కానీ మేత డీలర్ ఖాతా, ప్రోనోటు మీద తెచ్చిన చేబదుళ్ళు ఈ రెండింటిలోనూ ఉండవు. వాటికి మనిషి నోటి మాటే ఆధారం. అందుకే పైన చెప్పినట్టు పంట గురించి అడుగుతూ వెళ్ళాలి. ఊళ్ళో మేత కొట్టుకి వెళ్ళి ఆరా తీయకండి. ఆ సాయంత్రానికి ఆ తండ్రికి తెలుస్తుంది, సంబంధం కుదిరినా ఆ అవమానం మిగిలిపోతుంది.

రెండు కోరికలు కలిపి చూడటం

విడివిడిగా చూస్తే రెండు కోరికలూ న్యాయంగానే ఉంటాయి, కలిపితే మాత్రం పొసగవు. అబ్బాయి చేతికి 85 వేలు వస్తుంది. సొంత లోన్ వాయిదా 12 వేలు, బాకీ త్వరగా తీరడానికి ఇంటికి 20 వేల బదులు 30 వేలు, హైదరాబాద్‌లో అద్దె 20 వేలు పోతే 23 వేలు మిగులుతుంది. అమ్మాయి 45 వేలల్లో పుట్టింటికి 10 వేలు పోగా మిగిలే 35 వేలు కలిస్తే 58 వేలు, ఇల్లు హాయిగా నడుస్తుంది. ఇప్పుడు అబ్బాయి తల్లి "పిల్లలు పుట్టాక కోడలు ఇంట్లో ఉంటే బాగుంటుంది" అన్నారనుకోండి. ఆమె కోరిక తప్పు కాదు. కానీ అప్పు తీరేలోపు కోడలు ఉద్యోగం మానితే మిగిలిన 23 వేలతో బిడ్డతో సహా ఇల్లు నడవాలి, పుట్టింటికి పంపేది ఆగిపోతుంది. అంటే అత్తగారి కోరిక, మావగారి అప్పు, చెల్లెలి చదువు ఒకదానికొకటి అడ్డం. ఇది ఫోన్‌లోనే అంకెలతో చెప్పుకుంటే ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

ఇలాంటి చోట అబ్బాయి "మా అమ్మ ఏమీ అనదండి" అంటాడు. అడిగి చెబుతున్నాడా, ఊహించి చెబుతున్నాడా అన్నది తెలుసుకోండి. "అమ్మగారిని అడిగి ఆదివారం చెప్తారా?" అనండి. అడగడం, రోజు చెప్పడం రెండూ కావాలి. ఆదివారం దాటి "చూద్దామండి" అని వస్తే, ఇంట్లో ఆ మాట ఎత్తలేకపోయాడని అర్థం చేసుకోవాలి. పెళ్ళికి ముందు ఒక మాట ఎత్తలేనివాడు తర్వాత ఎత్తుతాడని అనుకోకండి. ఎత్తాక తల్లి అన్నది అక్షరాలా చెప్పమనండి. "ఒప్పుకుంది" అనడానికీ "అప్పు తీరేదాకా సరే అంది" అనడానికీ తేడా ఉంది.

అమ్మాయి వైపు కూడా ఇదే లెక్క. "పుట్టింటికి 10 వేలు" ఎంతకాలం? చెల్లెలి చదువు అయ్యేదాకా రెండేళ్ళా, ఎప్పటికీనా? అబ్బాయికి ఇది తెలుసుకునే హక్కు ఉంది. అలాగే అతని ససేమిరా: "నాన్న పని చేయలేని రోజు వస్తే ఇద్దరూ మన దగ్గరే ఉంటారు." దానికి ఆమె ఒప్పుకుంటే ఏ షరతుల మీద ఒప్పుకుంటుందో ఆ రోజే చెప్పాలి. విడిగా ఒక గది ఉండే ఇల్లు, పనిమనిషి, తన ఉద్యోగం కొనసాగడం, ఇలా ఏవైతే అవి.

పసుపు కుంకుమ పొలం

అప్పు సంగతి తెలిశాక అమ్మాయి ఈ ఒక్కటి ఎత్తాలి: "నాన్నగారు నాకు 50 సెంట్లు ఇస్తానంటున్నారు. అది నా పేరునే ఉంటుంది, చెరువు అప్పుకి అమ్మడం నాకు కుదరదండి." మొహమాటపడే చోటు ఇది కాదు. పొలం ఇస్తే పెళ్ళికూతురి పేరున రిజిస్టర్ చేయించాలి. పెళ్ళి సందర్భంగా ఇచ్చింది ఇంకొకరి చేతికి ముందే వెళ్ళినా పెళ్ళయిన మూడు నెలల్లోపు ఆమెకి అప్పగించాలని 1961 వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. అడగకుండా ఇచ్చే కానుకలకి జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నియమాలున్నాయి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే, కనీసం 5 ఏళ్ళ శిక్ష. అడగడం ఒక్కటే అయినా 6 నెలల నుంచి 2 ఏళ్ళు.

ఒక గుర్తు పట్టుకోండి. "పొలం మాకెందుకండి, దాని బదులు డబ్బు ఇచ్చేయండి" అని మాట వచ్చి, ఆ డబ్బు అంకె డీలర్ బాకీకి దగ్గరగా ఉంటే, అమ్మాయి పొలం చెరువులోకి వెళ్తోందని తెలుసుకోవాలి. ఇది పెద్దల మధ్య వచ్చినా అబ్బాయినే నేరుగా అడగండి. "నాకు తెలియదండి, పెద్దవాళ్ళు చూసుకుంటున్నారు" అన్న జవాబు వస్తే అక్కడ ఆగిపోవడం మంచిది. మన కేసులో అబ్బాయి వేరే దారి చెప్పాడు. కొబ్బరితోటలో 30 సెంట్లు అమ్మి డీలర్ బాకీ దించేద్దామని తండ్రిని ఒప్పిస్తానన్నాడు. మంచి జవాబే. కానీ తండ్రి అవునన్నాక మాత్రమే దాన్ని లెక్కలో వేసుకోవాలి, అప్పటిదాకా నెలకి 30 వేల లెక్కే నిజం.

పెళ్ళయ్యాక వచ్చే ఖర్చులూ ఉన్నాయి: ఆషాఢం సారె, కొత్తల్లుడి సంక్రాంతి, ఆడపడుచు లాంఛనాలు. చెల్లెలి పెళ్ళి ఇంకా ఉన్న ఇంటికి ఇవి బరువు. ఏవి ఉంటాయి, ఏవి ఉండవు అన్నది అబ్బాయి తన తల్లితో ముందే మాట్లాడిపెట్టాలి.

ఆరోగ్యం

క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రోజూ వాడే మందులు, అయిన ఆపరేషన్లు దాచకూడదు. మేనరికమైతే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష ఇద్దరూ చేయించుకోవడం మంచిది, రక్తం తీయించుకుంటే చాలు. ఇద్దరూ తలసీమియా అనే రక్తపు జబ్బుకి క్యారియర్లని అందులో తేలితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మేనరికం కాకపోయినా ఈ పరీక్షకి నష్టం లేదు.

మూడోది, ఎదురుగా

రెండు మూడు గంటలు ఎదురుగా కూర్చోండి, ఊళ్ళో కాకుండా. రాజమండ్రి గోదావరి గట్టు మీదో, మన కేసులోలా ఇద్దరూ హైదరాబాద్‌లో ఉంటే అక్కడో. అవతలివాళ్ళ ససేమిరాలు మీకు ఎలా అర్థమయ్యాయో మీరు చెప్పండి, మీవి వాళ్ళు చెప్పాలి. "మీరు ఉద్యోగం మానరు, ఊరు మారితే ఆరు నెలలు ఆగుతారు. 10 వేలు రెండేళ్ళు వెళ్తుంది. పొలం మీ పేరునే ఉంటుంది" అని అతను తప్పులేకుండా చెప్పగలిగితే విన్నట్టు. ఆ తర్వాత నాలుగు వాక్యాల మెసేజ్ రాసి పంపుకోండి. చట్టానికి పనికొస్తుందని కాదు, పెద్దలు కూర్చున్న రోజు ఇద్దరూ ఒకే మాట చెప్పడానికి.

"పెళ్ళయ్యాక మారతాను" అన్న మాట మీద ఏదీ ఒప్పుకోకండి. ఎప్పుడు, ఎలా అని హద్దు చెప్పగలిగితే అది ఒప్పందం. చెప్పలేకపోతే ఇప్పుడున్నదే ఎప్పుడూ ఉంటుందనుకుని నిర్ణయించుకోండి.

కాదనుకుంటే

అవతలివాళ్ళకి మీరే ఫోన్ చేసి ముందు చెప్పండి. అదే రోజు మీ ఇంట్లో చెప్పండి, మర్నాటికల్లా సంబంధం తెచ్చినాయనకి మీ నాన్నగారు చెప్పాలి: "పిల్లలు మాట్లాడుకుని వద్దనుకున్నారండి." అంతవరకే. జాతకాలు కలవలేదని చెప్పకండి, వాళ్ళు ఇంకో పంతులుగారికి చూపించి మళ్ళీ వస్తారు. చెరువు అప్పు సంగతి ఆయన చెవిన అసలు పడకూడదు. అది ఒక ఇంటి లోపలి మాట, మీ మీద నమ్మకంతో చెప్పింది. ఆయన నోట పడితే ఆ అబ్బాయికి వచ్చే తర్వాతి సంబంధం దగ్గర వినబడుతుంది. వాళ్ళ ఫోటో, జాతకం వెనక్కి ఇచ్చేసి, వాళ్ళు తమ క్రెడిట్ రిపోర్టు మీకు పంపి ఉంటే ఫోన్‌లోంచి చెరిపేసి, చెరిపేశానని ఒక మెసేజ్ పెట్టండి.